బ్యాంకులో పనిచేసే బీకాం వాళ్లు ఎకనామిక్స్ మాస్టర్స్‌కి ఎస్‌ఓపీ రాయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు వైపు బ్రాంచుల్లో పనిచేసేవాళ్లు నాకు డ్రాఫ్టులు పంపిస్తుంటారు. క్లర్కులు, పీవోలు, ఒకరిద్దరు ఫీల్డ్ ఆఫీసర్లు. ఊర్లు వేరైనా సందేహాలు మాత్రం అవే. ప్రతిసారీ వాట్సాప్‌లో టైపు చేసే ఓపిక అయిపోయింది కాబట్టి అన్నీ ఇక్కడ పెడుతున్నా. ఎస్‌ఓపీ, అంటే ఈ కోర్సు ఎందుకు చేయాలనుకుంటున్నావో చెప్పే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, ఎలాగూ ఇంగ్లీషులోనే రాయాలి, నేనిచ్చే నమూనాలు మాత్రం విషయం అర్థం కావడానికి తెలుగులో ఉంటాయి.

అసలు నాకు ఎస్‌ఓపీ అవసరమేనా?

ముందు ఇది తేల్చుకో, ఎందుకంటే సగంమందికి అవసరం ఉండదు. ఎస్వీ యూనివర్సిటీలో ఎంఏ ఎకనామిక్స్ చేయాలంటే ఏపీ పీజీసెట్ రాస్తావు. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, జేఎన్‌యూ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ అయితే సీయూఈటీ పీజీ. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల ఎకనామిక్స్ మాస్టర్స్ ఎంఎస్‌క్యూఈకి సొంత రాతపరీక్ష, ఆపైన ఇంటర్వ్యూ. వీటిలో సీటు తేల్చేది పరీక్షే, నీ కథ ఎవరూ అడగరు. ఎస్‌ఓపీ పని పడేది ముఖ్యంగా బ్రిటన్, యూరప్, కెనడా, అమెరికా కోర్సులకి, ఇక్కడ కొన్ని ప్రైవేటు యూనివర్సిటీలకి. ఈ పేజీ వాళ్ల కోసం.

బీకాంకి ఎకనామిక్స్ మాస్టర్స్ ఇస్తారా అన్నా?

కొన్ని చోట్ల ఇస్తారు, కొన్ని చోట్ల అప్లికేషన్ తెరవకముందే పక్కన పెట్టేస్తారు. జర్మనీ, నెదర్లాండ్స్ లాంటి చోట్ల చాలా కోర్సులకి డిగ్రీలో మైక్రో, మాక్రో, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ ఇన్ని క్రెడిట్లు ఉండాలని లెక్క ఉంటుంది. అక్కడ నీ మార్క్స్ మెమోలే మాట్లాడతాయి. ఆ లెక్క తక్కువైతే ఎంత బాగా రాసిన ఎస్‌ఓపీ అయినా దాన్ని పూడ్చలేదు. అమెరికా, కెనడాల్లో కొన్ని చోట్ల మూడేళ్ల డిగ్రీ దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి ఎలిజిబిలిటీ పేజీ చదివి, నీ ఆరు సెమిస్టర్ల సబ్జెక్టులు ఒక కాగితం మీద రాసుకుని పక్కపక్కన పెట్టి చూడు. ఎంఎస్సీ ఎకనామిక్స్‌లోనే రకాలున్నాయి. పూర్తి థియరీ కోర్సు ఒకటైతే డెవలప్‌మెంట్ ఎకనామిక్స్, అప్లైడ్ ఎకనామిక్స్, ఎకనామిక్స్ అండ్ ఫైనాన్స్ అని ఇంకొన్ని. బ్యాంకు నుంచి వచ్చే బీకాం వాళ్లకి రెండో రకంలో తలుపులు కాస్త వెడల్పుగా ఉంటాయి.

అడ్మిషన్ కమిటీవాళ్లు నా ఎస్‌ఓపీలో ఏం వెతుకుతారు?

నీ ఫైల్ తెరవగానే వాళ్లకి రెండు అనుమానాలు వస్తాయి. ఒకటి, ఈ అబ్బాయి లేదా అమ్మాయి మొదటి సెమిస్టర్ మ్యాథ్స్ తట్టుకుంటారా? రెండు, వీళ్లకి కావాల్సింది నిజంగా ఎకనామిక్సేనా, లేక ఎంబీఏ ఫీజు ఎక్కువని ఇటు వచ్చారా? నీ ఎస్‌ఓపీ చేయాల్సిన పని ఈ రెండింటికి జవాబు చెప్పడమే. నాకొచ్చే డ్రాఫ్టుల్లో ఎక్కువ భాగం ఈ రెండూ వదిలేసి, చిన్నప్పటి నుంచి ఆర్థిక వ్యవస్థ మీద ఎంత ఆసక్తో, దేశానికి ఎంత సేవ చేయాలనుందో ఒక పేజీ రాస్తారు. అది ఎవరైనా రాయగలరు కదా. కౌంటర్ వెనక కూర్చున్నవాళ్లకి మాత్రమే కనిపించేది ఒకటుంటుంది, దాన్ని రాయకపోతే ఇంక నీకు మిగతావాళ్లకి తేడా ఏముంది?

మ్యాథ్స్ సంగతి ఎలా రాయాలి? బీకాంలో బిజినెస్ మ్యాథ్స్ తప్ప ఏమీ లేదు.

ఇంటర్‌లో ఎంఈసీయా, సీఈసీయా? ఎంఈసీ అయితే నీ దగ్గర ఆధారం ఉంది, చాలామంది అది మర్చిపోతారు. పాత సిలబస్‌లో ఎంఈసీకి కూడా మ్యాథ్స్ ఎంపీసీ వాళ్లు చదివిందే. వన్‌ఏలో మాత్రికలు, వన్‌బీలో అవకలనం, టూఏలో సంభావ్యత, టూబీలో సమాకలనం, అవకలన సమీకరణాలు. లండన్‌లో కూర్చున్నాయనకి ఎంఈసీ అంటే ఏం తెలుస్తుంది? కాబట్టి గ్రూపు పేరు కాకుండా ఏం చదివావో రాయి: హయ్యర్ సెకండరీలో రెండేళ్లు క్యాల్క్యులస్, మాత్రికలు, ప్రాబబిలిటీ చదివాను, మార్కులు ఇన్ని.

సీఈసీ అయితే ఎస్‌ఓపీ పక్కన పెట్టి ముందు కోర్సు చేయాలి, వేరే దారి లేదు. స్వయం, ఎన్‌పీటీఈఎల్‌లో క్యాల్క్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ కోర్సులున్నాయి, సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్ష ఉంటుంది, కాబట్టి సర్టిఫికెట్‌కి విలువ ఉంటుంది. వీడియోలు చూసి తీసుకున్న సర్టిఫికెట్‌కి అంత ఉండదు. ఎంఐటీ వాళ్ల డేటా, ఎకనామిక్స్, పాలసీ డిజైన్ మైక్రోమాస్టర్స్ కూడా చాలామంది ఉద్యోగస్తులు చేస్తున్నారు, అందులో మైక్రో, స్టాటిస్టిక్స్ గట్టిగానే ఉంటాయి. జీఆర్‌ఈ క్వాంట్ మార్కు బాగుంటే అది ఇంకో సాక్ష్యం. కానీ జీఆర్‌ఈ లెక్కలు హైస్కూల్ స్థాయి, క్యాల్క్యులస్ ఉండదు, అందుకని అదొక్కటే చూపించి ఊరుకుంటే చాలదు.

రాసేటప్పుడు రెండు మూడు వాక్యాలు చాలు. ‘నా డిగ్రీలో మ్యాథ్స్ తక్కువ, అది నాకు తెలుసు, అందుకే ఫలానా కోర్సు పూర్తిచేశాను, మార్కు ఇంత, ఇప్పుడు ఫలానాది చదువుతున్నాను’ అని నేరుగా చెప్పెయ్. లోపం దాచిపెడితే వాళ్లకి మెమోలో ఎలాగూ కనిపిస్తుంది. అలాగని పేరా అంతా క్షమాపణలు కూడా వద్దు.

బ్యాంకు అనుభవాన్ని ఎలా వాడుకోవాలి?

ఇదే అసలు విషయం, కాస్త నిదానంగా చదువు.

డ్రాఫ్టుల్లో మామూలుగా కనిపించే వాక్యం ఇలా ఉంటుంది: ‘నేను మూడేళ్లుగా బ్యాంకులో పనిచేస్తూ డిపాజిట్లు, రుణాలు, కేవైసీ, కస్టమర్ సర్వీసు చూస్తున్నాను, దీనివల్ల ఆర్థిక రంగం మీద నాకు లోతైన అవగాహన కలిగింది.’ ఇది రెజ్యూమెలో ఉండాల్సిన లైను. ఇందులో ప్రశ్న లేదు. ఎకనామిక్స్ కమిటీకి కావాల్సింది నువ్వు ఏ పని చేశావన్నది కాదు, ఆ పని చేస్తూ ఏది చూసి ‘ఇదేంటి, ఇలా ఎందుకు జరుగుతోంది’ అనుకున్నావన్నది.

ఒక కేసు అనుకుందాం. పాకాల వైపు ఒక బ్రాంచిలో క్లర్కు, ఎంఈసీ, తర్వాత బీకాం, మూడేళ్ల సర్వీసు. చుట్టూ తోతాపురి మామిడి తోటలు, కాయ జ్యూస్ ఫ్యాక్టరీలకి పోతుంది. జనవరి, ఫిబ్రవరి వచ్చిందంటే క్రాప్ లోన్ రెన్యూవల్‌కి రైతులు వస్తారు. పొద్దున్నే ఒకాయన లక్ష రూపాయలు, ఆపైన వడ్డీ నగదుగా తెచ్చి కడతాడు, కాగితాల మీద సంతకాలు పెడతాడు, రెండ్రోజులకో వారానికో కొత్త లోన్ పడుతుంది, విత్‌డ్రాయల్ ఫారం రాసి మొత్తం తీసుకెళ్లిపోతాడు. బయట మెట్ల దగ్గర ఇంకొకాయన బండి మీద కూర్చుని ఎదురుచూస్తుంటాడు. డబ్బు ఆయన చేతికి పోతుంది. బ్రాంచిలో అందరికీ ఇది తెలుసు, ఎవరూ దీన్ని వింతగా చూడరు.

ఇప్పుడు లెక్క వెయ్యి. మూడు లక్షల లోపు క్రాప్ లోన్‌కి రైతుకి వడ్డీ 7 శాతం. టైముకి కడితే ఇంకో 3 శాతం రాయితీ, అంటే 4 శాతమే పడుతుంది. ఈ రాయితీ లోన్ తీసుకున్నప్పటి నుంచి ఏడాది వరకే. లక్ష మీద టైముకి కడితే 4,000, తప్పితే 7,000. తేడా 3,000. పొద్దున కట్టడానికి డబ్బిచ్చింది మెట్ల దగ్గర ఎదురుచూసే ఆ వడ్డీవ్యాపారే, ఆయన ఇచ్చేది రెండు రూపాయల వడ్డీకి, అంటే నెలకి వందకి రెండు, ఏడాదికి 24 శాతం. పదిరోజులకి తీసుకుంటే లక్షకి దాదాపు 667 రూపాయలు. పదిరోజులైనా నెల వడ్డీ మొత్తం గుంజాడే అనుకో, అప్పుడైనా 2,000. మూడువేలు మిగలడానికి రెండువేలు పెడుతున్నాడు, పైగా కొత్త లోన్ కూడా చేతికొస్తుంది. రెండు రూపాయల వడ్డీకి నెలన్నర దాకా రైతుకి ఇదే లాభం.

చూశావా, బయటనుంచి చూసేవాళ్లు ‘రైతుకి అవగాహన లేక వడ్డీవ్యాపారి దగ్గరికి పోతున్నాడు’ అని రాస్తారు. లెక్క వేస్తే రైతు చేస్తున్నది నూటికి నూరుపాళ్లు సబబు. తేడా ఎక్కడుందంటే తేదీలో ఉంది. తోతాపురి కోత మే చివరినుంచి జులై దాకా, ఫ్యాక్టరీ డబ్బు ఆ తర్వాత ఎప్పుడో, లోన్ గడువు మాత్రం ఫిబ్రవరిలో. పంట డబ్బు వచ్చే నెలకి, బ్యాంకు అడిగే నెలకి మధ్య ఉన్న ఖాళీని ప్రభుత్వ రాయితీలో కొంత ముక్క తీసుకుని వడ్డీవ్యాపారి నింపుతున్నాడు. ఇంకో సంగతి, బ్యాంకు పుస్తకాల్లో ఈ లోన్ టైముకి వసూలైన మంచి లోన్. రైతు చేతిలో నిజంగా కట్టే శక్తి ఉందో లేదో ఆ రికార్డు చెప్పదు.

ఈ ముక్క చెప్పడానికి మూడేళ్ల ఉద్యోగం కావాలి. ఢిల్లీలో ఎకనామిక్స్ ఆనర్స్ చేసిన పిల్లాడికి ఇది తెలియదు, నీకు తెలుసు.

దీన్ని ఎస్‌ఓపీలో పేరాగా ఎలా మారుస్తాం?

దాదాపు ఇలా:

> మా బ్రాంచిలో ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లో మామిడి రైతులు పంటరుణం పూర్తిగా చెల్లించి, కొద్దిరోజుల్లోనే తిరిగి అంతే మొత్తం తీసుకుంటారు. చెల్లించడానికి కావాల్సిన డబ్బును చాలామంది ఏడాదికి 24 శాతం వడ్డీ చొప్పున బయట అప్పు చేస్తారు. మొదట్లో ఇది నష్టమనిపించింది. లెక్క వేస్తే, సకాల చెల్లింపు మీద వచ్చే 3 శాతం రాయితీ ఈ స్వల్పకాల అప్పు ఖర్చుకంటే ఎక్కువని తేలింది. అంటే రాయితీలో కొంతభాగం రైతును దాటి వడ్డీవ్యాపారికి చేరుతోంది. రుణగడువును పంట ఆదాయం వచ్చే నెలలకు మారిస్తే ఈ బయటి అప్పు తగ్గుతుందా, లేక రైతు దాన్ని వేరే అవసరానికి కొనసాగిస్తాడా అన్నది నేను అధ్యయనం చేయాలనుకుంటున్న ప్రశ్న.

ఇందులో ఒక్క పొగడ్త లేదు, ‘ప్యాషన్’ లేదు. రెండు రూపాయల వడ్డీని ఏడాది శాతంలోకి మార్చి రాయడం గమనించు, లేకపోతే చదివేవాళ్లు 2 శాతం అనుకుంటారు. చివరి వాక్యంలో ‘లేక’ అన్న ముక్క ముఖ్యం. జవాబు ముందే తెలిసినట్టు రాస్తే అది పరిశోధన ప్రశ్న కాదు, వినతిపత్రం.

ఆ ప్రశ్నకి జవాబు ఎలా కనుక్కుంటానో కూడా రాయాలా?

మాస్టర్స్‌కి పూర్తి ప్రపోజల్ అక్కర్లేదు. కానీ రెండు వాక్యాలు పెడితే నువ్వు ఎకనామిక్స్‌లా ఆలోచిస్తున్నావని తెలుస్తుంది. మొదట ఎవరికైనా తట్టేది, ఫిబ్రవరి గడువున్న రైతుల్ని ఆగస్టు గడువున్న రైతులతో పోల్చడం. ఇందులో ఒక చిక్కుంది. గడువు తేదీ ఆకాశం నుంచి ఊడిపడలేదు, లోన్ ఎప్పుడు తీసుకున్నారో దాన్నిబట్టి వచ్చింది. ఫిబ్రవరిలో లోన్ తీసుకున్నాయన ఆ నెలలో డబ్బుకి ఇబ్బంది పడ్డాయన కావచ్చు, ఆగస్టులో తీసుకున్నాయన తోట పెద్దదై నిబ్బరంగా ఉన్నాయన కావచ్చు. అప్పుడు తేడా గడువుదా, మనిషిదా? దీన్ని విడదీయడం ఎలాగో నేర్చుకోవడానికే ఎకనామెట్రిక్స్ కావాలి అని రాస్తే, కోర్సు నీకు ఎందుకు కావాలో కూడా అక్కడే చెప్పినట్టవుతుంది. ‘ఎకనామెట్రిక్స్ మీద ఆసక్తి ఉంది’ అని వేరే రాయక్కర్లేదు.

అలాగే నీ పరిధి ఒప్పుకో. నువ్వు చూసింది ఒక్క బ్రాంచి. రాష్ట్రమంతా ఇలాగే ఉందని తీర్మానించకు.

రీసెర్చి పేపర్ల పేర్లు పెట్టాలా?

చదివినవైతే ఒకటి, మహా అయితే రెండు. బ్యాంకు వాళ్లకి బాగా అతికేది స్టిగ్లిట్జ్, వైస్ 1981లో రాసిన పేపరు. అప్పు తీసుకునేవాడి గురించి బ్యాంకుకి అన్నీ తెలియవు కాబట్టి వడ్డీ పెంచుకుంటూ పోతే మంచివాళ్లు తప్పుకుని రిస్కున్నవాళ్లు మిగులుతారు, అందుకే బ్యాంకు వడ్డీ పెంచడం మానేసి కొందరికి అప్పే ఇవ్వదు అన్నది అందులో వాదన. ‘ఈయనకి లోన్ వద్దు’ అని మీ మేనేజర్ తల అడ్డంగా ఊపినప్పుడు జరిగేది కూడా చాలావరకు అదే.

మన రాష్ట్రానిదే కావాలంటే 2010 మైక్రోఫైనాన్స్ సంక్షోభం ఉంది. ఆ అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మైక్రోఫైనాన్స్ కంపెనీల్ని కట్టడి చేసే ఆర్డినెన్స్ తెచ్చాక ఇక్కడ వసూళ్లు ఆగిపోయాయి, ఇక్కడ బాగా ఇరుక్కున్న కంపెనీలు వేరే రాష్ట్రాల్లో కూడా అప్పులివ్వడం తగ్గించేశాయి. ఆ రాష్ట్రాల్లో తప్పేమీ జరగలేదు కదా, అయినా అప్పు తగ్గింది. బ్రేజా, కిన్నన్ అనే ఎకనామిస్టులు దాన్ని పట్టుకుని, అప్పు తగ్గితే గ్రామాల్లో కూలిరేట్లు ఏమవుతాయో చూశారు, తగ్గాయని తేల్చారు. పైన చెప్పిన ‘గడువుదా, మనిషిదా’ అన్న చిక్కుని వాళ్లు ఎలా తప్పించుకున్నారో ఇందులో కనిపిస్తుంది, అందుకే చదవమంటాను. చదవకుండా పేరు పెట్టొద్దు, ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే రావచ్చు.

జేఏఐఐబీ, సీఏఐఐబీ పాసయ్యాను. పెద్దగా రాయొచ్చా?

ఒక్క లైను. జేఏఐఐబీలో భారత ఆర్థిక వ్యవస్థ మీద పేపరుంది నిజమే, కానీ అది సమాచారం గుర్తుపెట్టుకునే పరీక్ష, కమిటీవాళ్ల మ్యాథ్స్ అనుమానం దానితో తీరదు.

ఎంబీఏ ఎందుకు చేయట్లేదని ఎస్‌ఓపీలో చెప్పాలా?

ఎంబీఏని తిట్టాల్సిన పని లేదు. నీ ప్రశ్న సరిగ్గా ఉంటే అదే చెప్తుంది. ‘మా బ్రాంచిలో రికవరీ ఎలా పెంచాలి’ అన్నది మేనేజ్‌మెంట్ ప్రశ్న. ‘టైముకి కడితే రాయితీ అన్న నిబంధన రైతు నిర్ణయాల్ని ఎటు తిప్పుతోంది’ అన్నది ఎకనామిక్స్ ప్రశ్న. నీ డ్రాఫ్టులో మొదటిదే ఉందనుకో, నిజంగానే ఎంబీఏ గురించి ఆలోచించు, తప్పేం లేదు.

కస్టమర్ల వివరాలు రాయొచ్చా? డేటా తీసి చూపిస్తే బలంగా ఉంటుంది కదా.

వద్దు. కోర్ బ్యాంకింగ్ నుంచి లిస్టు తీసి మెయిల్ చేసుకోవడం గోప్యత నిబంధనల ఉల్లంఘన, ఉద్యోగానికే ఎసరు. రైతు పేరు, ఊరు పేరు, అకౌంటు మొత్తం ఏదీ వద్దు. ‘మా బ్రాంచిలో 412 అకౌంట్లలో’ లాంటి అంకె పెడితే బలం రాదు సరికదా, ఈయన బ్యాంకు డేటా బయటికి తెచ్చాడని అవతలివాళ్లకి డౌటొస్తుంది. పైన లెక్క చూడు, అందులో ఉన్న వడ్డీరేట్లు అందరికీ తెలిసినవే, లక్ష అన్నది ఉదాహరణ. అది సరిపోతుంది.

డిగ్రీలో మార్కులు తక్కువ, ఒక బ్యాక్‌లాగ్ కూడా ఉంది.

కారణం ఉంటే ఒక వాక్యం రాయి. లేకపోతే వదిలెయ్, కొత్త కోర్సు మార్కులే మాట్లాడనీ.

తిరుపతిలో కన్సల్టెన్సీ వాళ్లు రాసిస్తామంటున్నారు. ఇవ్వొచ్చా?

ఫారాలు నింపడానికి, వీసా కాగితాలకి వాడుకుంటే వాడుకో. ఎస్‌ఓపీ మాత్రం ఇవ్వకు. ఒకే కన్సల్టెన్సీ నుంచి వచ్చిన రెండు డ్రాఫ్టులు నా దగ్గర ఉన్నాయి, మొదటి పేరాలో ఊరి పేరు, బ్యాంకు పేరు తప్ప అంతా ఒకటే. యూనివర్సిటీల దగ్గర కాపీ పట్టే సాఫ్ట్‌వేర్లు ఉంటాయి. అది పట్టకపోయినా రెజ్యూమెలో క్లర్కు, ఎస్‌ఓపీలో ‘గ్లోబల్ ఫైనాన్షియల్ ల్యాండ్‌స్కేప్’ అని ఉంటే చదివేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. నీ ఇంగ్లీషు మామూలుగా ఉంటే ఏం కాదు, వ్యాకరణం ఎవరిచేతైనా దిద్దించుకో. వాక్యాలు మాత్రం నీవే ఉండాలి.

రికమెండేషన్ మేనేజర్ దగ్గర తీసుకోవాలా, కాలేజీ లెక్చరర్ దగ్గరా?

రెండు అడిగితే ఒక్కొక్కటి. ఒక్కటే అడిగితే కాలేజీ. స్టాటిస్టిక్స్ చెప్పిన మేడమ్ గుర్తుంటే ఆవిడే నయం, ఎందుకంటే మీ మేనేజర్ సార్ నీ లెక్కల గురించి చెప్పగలిగింది క్యాష్ టాలీ అయిందనే.

‘ఫ్యూచర్ గోల్స్’లో ఏం రాయాలి? తిరిగి బ్యాంకుకే వస్తానంటే చులకన అవుతుందా?

అస్సలు కాదు. ఆర్‌బీఐ, నాబార్డ్ పరిశోధన విభాగాలు, పాలసీ సంస్థలు, పీహెచ్‌డీ, తిరిగి బ్యాంకులోనే వ్యవసాయ రుణాల విభాగం, ఏదైనా పర్వాలేదు. పైన వేసిన ప్రశ్నతో అతకాలి, అంతే. క్రాప్ లోన్ గడువుల మీద అంత రాసి, చివర్లో ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ అంటే మొత్తం తేలిపోతుంది. ఆర్‌బీఐ గ్రేడ్ బీలో ఎకనామిక్స్ వాళ్లకి విడిగా డీఈపీఆర్, అంటే ఆర్థిక, విధాన పరిశోధన విభాగం పోస్టులుంటాయి, దానికి ఎకనామిక్స్ మాస్టర్స్ కావాలి, కాబట్టి అది రాస్తే నమ్మేలా ఉంటుంది.

ఉద్యోగం సంగతి? బ్యాంకుకి చెప్పకుండా అప్లై చేయొచ్చా?

ప్రభుత్వ బ్యాంకు అయితే ముందు నీ సర్వీసు నిబంధనలు, అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చూసుకో. పై చదువుకి అనుమతి, పాస్‌పోర్టుకి ఎన్‌ఓసీ, పీవోలకి బాండు ఉంటే దాని గడువు, చదువుకోవడానికి సెలవు దొరుకుతుందా రాజీనామా చేయాలా అన్నవి బ్యాంకుని బట్టి మారతాయి. ఎస్‌ఓపీలో ‘బ్యాంకు నుంచి సెలవు మీద వస్తున్నాను’ అని రాయాలంటే ఆ సెలవు కాగితం చేతికొచ్చాకే రాయి. కాగితం రీజనల్ ఆఫీసులో నెలల తరబడి ఆగిపోవడం మామూలే, కాబట్టి డిసెంబరు, జనవరి డెడ్‌లైన్లు పెట్టుకున్నవాళ్లు దసరా లోపు దరఖాస్తు ఇచ్చెయ్యండి, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుని ఒక జిరాక్సు దగ్గర పెట్టుకోండి.